రికార్డు పుస్తకాన్ని అప్పుడే పారేయకండి

ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణానికీ పిల్లల డాన్సులకూ మధ్య, మన దేశం నుంచి వచ్చి ఈ ఏడాది ఇక్కడ కొత్తగా డిగ్రీలో చేరిన పిల్లల కోసం మన సంఘం అరగంట కార్యక్రమం పెట్టింది, చూసే ఉంటారు. వేదిక మీదున్న పెద్దాయన మైకందుకుని, "మన దగ్గర ల్యాబ్ రికార్డంటే కాపీ కొట్టడమేగా! ఇక్కడికొచ్చాక దాన్ని చెత్తబుట్టలో వేసేయండి" అన్నారు. హాలంతా నవ్వింది. నాకు మాత్రం చేతిలో పులిహోర చేతిలోనే ఉండిపోయింది.

ఆయన మాట పూర్తిగా తప్పని అనను. సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని ఎక్కించడం, గురుత్వ త్వరణం g విలువ 980 వచ్చేదాకా రీడింగులు రబ్బరుతో చెరిపి దిద్దడం ఎవరికి తెలియదు? కానీ చెత్తబుట్టలోకి పోయేది ఏమిటో ఆయనకు తెలియదు. నేను ఇక్కడ యూనివర్సిటీలో మొదటి ఏడాది ఫిజిక్స్ ల్యాబ్ నడుపుతాను కాబట్టి నాకు తెలుసు.

ఆ రోజు వెనక వరుసలో కూర్చున్న ఒక అబ్బాయి తర్వాతి వారం మా ఇంటికి వచ్చాడు. హైదరాబాదులో ఇంటర్ చేసి వచ్చినవాడు, చదివేది మా యూనివర్సిటీలో కాదు. సింపుల్ పెండ్యులం రిపోర్టుకి సగం మార్కులే వచ్చాయి. "అన్నీ రాశాను ఆంటీ, ఎయిమ్, అపరేటస్, ప్రొసీజర్, ప్రికాషన్స్, రిజల్ట్. ఇంకేం కావాలి?" అన్నాడు. చూస్తే నిజంగానే అన్నీ ఉన్నాయి. బొమ్మయితే స్కేలు పెట్టి గీసి, పేర్లన్నీ ఒకే వరుసలో రాశాడు. మన లెక్చరర్లయితే సంతకం పెట్టి పంపేవారు.

ప్రొసీజర్ "దారాన్ని వేలాడదీయవలెను" అన్న తీరులో ఉంది. అది మాన్యువల్ భాష. రిపోర్టులో కావలసింది వీళ్ళు ఆ రోజు చేసిన పని: దారం పొడవు 50, 75, 100 సెం.మీ. ఉంచాం, ప్రతిసారీ 20 డోలనాలకు టైమ్ తీశాం. ఇది దిద్దడానికి పది నిమిషాలు చాలు.

అసలు చిక్కు చివర్లో ఉంది. వాడికి వచ్చిన g విలువలు వరుసగా 957, 965, 968. సగటు 963. 980తో పోలిస్తే 1.7 శాతం తేడా. కారణం 'హ్యూమన్ ఎర్రర్' అని రాశాడు. దిద్దినవారు పక్కన ఎర్ర సిరాతో, "ఏ మనిషి? ఏ పొరపాటు?" అని అడిగారు.

"స్టాప్‌వాచ్ ఆలస్యంగా నొక్కామేమో" అన్నాడు. అయితే లెక్క వేద్దాం అన్నాను. నొక్కడంలో 0.2 సెకను తేడా అనుకుందాం. 50 సెం.మీ. దారానికి 20 డోలనాలు దాదాపు 28.7 సెకన్లు. అంటే టైమ్‌లో 0.7 శాతం, g సూత్రంలో డోలన కాలం Tకి వర్గం ఉంది కాబట్టి gలో 1.4 శాతం, సుమారు 13. వాడికి వచ్చిన తేడా 23. పైగా చేతి పొరపాటైతే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ రావాలి. ఇక్కడ మూడూ తక్కువే, దారం పొట్టిదయ్యేకొద్దీ ఇంకా తక్కువ.

T²ని పొడవు L మీద గ్రాఫ్ గీయమన్నాను. సరళరేఖ చక్కగా వచ్చింది, కానీ మూలబిందువు గుండా పోలేదు. వెనక్కి పొడిగిస్తే L అక్షాన్ని −1.2 సెం.మీ. దగ్గర తాకింది. గుండు వ్యాసం 2.4 సెం.మీ. వాడికి వెంటనే వెలిగింది: పార్ట్‌నర్ దారం మాత్రమే కొలిచాడు, గుండు వ్యాసార్థం కలపలేదు. ఆ తప్పు అన్ని పొడవుల్లోనూ ఒకటే కాబట్టి రేఖ వాలు మారదు. 4π²ని ఆ వాలుతో భాగిస్తే 980 వచ్చింది.

అప్పుడు వాడి ఇంటర్ రికార్డు ఫోటోలు ఫోన్‌లో తీయించాను. ప్రికాషన్స్‌లో మొదటిదే, "పొడవును గుండు కేంద్రం వరకు కొలవవలెను". ఆ వాక్యం వాడు ఈ రిపోర్టులోనూ రాశాడు, పని మాత్రం జరగలేదు. మన రికార్డు ఆ జాగ్రత్త ఎందుకో చెప్పదు, తీసుకోకపోతే జవాబు ఎటు జరుగుతుందో, ఎంత జరుగుతుందో అడగదు. ఇక్కడి రిపోర్టులో డిస్కషన్ అంటే ఆ రెండు ప్రశ్నలే. కంపనపరిమితి తక్కువగా ఉండాలన్న మరో జాగ్రత్తనే తీసుకోండి. 10 డిగ్రీలు ఊపితే g సుమారు 0.4 శాతం తక్కువ వస్తుంది, అదీ అన్ని పొడవులకూ ఒకేలా. కాబట్టి ఈ అబ్బాయి కేసులో అది ముద్దాయి కాదని ధైర్యంగా రాయొచ్చు.

రికార్డు కన్నా ముందు రాసే అబ్జర్వేషన్ నోట్‌బుక్ సంగతీ ఎవరూ ఎత్తరు. ఇక్కడ ల్యాబ్ నోట్‌బుక్ అనేది దాదాపు అదే. పెన్నుతో రాయాలి, తప్పయితే ఒక గీత కొట్టి పక్కన రాయాలి, చెరపకూడదు. మన పిల్లలు మానుకోవలసింది రబ్బరు వాడటమే.

కార్యవర్గానికి నా మనవి. ఆగస్టులో కొత్తవాళ్ళకు బ్యాంకు ఖాతా, ఫోన్ ప్లాను, కిరాణా కొట్ల గురించి చెప్పే శనివారం నాడే ఇంకో గంట ఇవ్వండి. దారం, గుండు, స్టాప్‌వాచ్ నేను తెస్తాను. పిల్లలు ఇంటర్ రికార్డో, దాని ఫోటోలో తెచ్చుకుంటే చాలు, ప్రికాషన్స్ పేజీ తెరిచి అక్కడి నుంచే మొదలుపెడతాం. మైకు పెద్దాయనకే ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు, ముందు ఒక పూట వచ్చి 20 డోలనాలు లెక్కపెట్టి వెళ్తే.