4కె ప్లాన్ కట్టాక కూడా బొమ్మ మసకగా ఎందుకు ఉంటోంది?

హనుమకొండలో మా బావగారి ఇంట్లో మేడమీద గదిలో 43 అంగుళాల 4కె టీవీ ఉంది. స్ట్రీమింగ్ యాప్‌లో అన్నింటికంటే ఖరీదైన ప్లాన్ తీసుకున్నారు. ఇంటర్నెట్ 100 ఎంబీపీఎస్. అయినా రాత్రి ఎనిమిది దాటితే తెరమీద ముఖాలు మసకబారేవి, చీకటి సన్నివేశాల్లో గళ్లు గళ్లుగా కనిపించేవి. ప్లాన్‌లో మోసం ఉందని ఆయన అనుమానం. తీరా చూస్తే తప్పు ప్లాన్‌ది కాదు.

ప్లాన్ చెప్పేది గరిష్ఠ పరిమితి మాత్రమే. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను అనేక నాణ్యతల్లో సర్వర్‌లో ఉంచుతారు. మన ఇంట్లోని యాప్ ముందు ముక్క ఎంత వేగంగా వచ్చిందో, ఇంకా ఎన్ని సెకన్ల నిల్వ ఉందో చూసుకుని తర్వాతి ముక్క ఏ నాణ్యతలో తెప్పించాలో నిర్ణయిస్తుంది. వేగం తగ్గితే బొమ్మ ఆగిపోకుండా ఒక మెట్టు దిగుతుంది. వీడియో నడుస్తూనే ఉంటుంది కాబట్టి మెట్టు దిగిన సంగతి మనకు తెలియదు. 4కెకు కనీసం 15, 1080పికి 5 ఎంబీపీఎస్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచిస్తోంది.

అందుకే ముందు వేగం కొలిచాం. కింద ముందుగదిలో రూటర్ పక్కన నిలబడి ఫోన్‌లో fast.com తెరిస్తే 95 వచ్చింది. అదే ఫోన్‌ను మేడమీద టీవీ పక్కన పెట్టి మళ్లీ కొలిస్తే 9. మధ్యలో ఒక స్లాబు, రెండు గోడలు ఉన్నాయి. పైగా టీవీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిసి ఉంది. చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ అదే బ్యాండ్‌లో మాట్లాడుకుంటాయి, అందరూ ఇంట్లో ఉండే రాత్రివేళ రద్దీ ఇంకా ఎక్కువ. 9 ఎంబీపీఎస్‌తో 1080పి వస్తుంది, 4కె రాదు. పక్క గదిలో మా మేనకోడలు వీడియో కాల్ మొదలుపెడితే ఆ 1080పి కూడా నిలవదు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మార్చి చూశాం గానీ దానికి గోడలు దాటే శక్తి తక్కువ, స్లాబు దాటేసరికి సిగ్నల్ తెగిపోయింది. చివరకు రూటర్ నుంచి టీవీకి 20 మీటర్ల ల్యాన్ కేబుల్ లాగాం. టీవీలో వేగం 90 దగ్గర నిలబడింది. ఆ రాత్రి వడ్ల చేను దృశ్యంలో కంకులు విడివిడిగా కనిపించాయి. ఖర్చయింది కేబుల్ డబ్బులే.

అదే ఇంట్లో కింద హాల్లో 32 అంగుళాల పాత టీవీ ఉంది. పెట్టెమీద ‘హెచ్‌డీ రెడీ’ అని రాసి ఉంటుంది. దాని తెరమీద ఉండేవి 1366×768 చుక్కలు, అంటే దాదాపు పదిన్నర లక్షలు. 4కె బొమ్మలో దాదాపు 83 లక్షల చుక్కలు ఉంటాయి. ఆ తెరకు ఏ ప్లాన్ ఇచ్చినా చూపించగలిగింది అంతే. ఇల్లంతటికీ ఇదొక్కటే టీవీ అయితే 4కె ప్లాన్ శుద్ధ దండగ అని నేను నిస్సంకోచంగా చెబుతాను.

ఫోన్ల సంగతి ఇంకా వేరు. అత్తయ్య ఫోన్ తెర ఫుల్ హెచ్‌డీయే, అయినా అందులో సినిమా మసకగానే వస్తుంది. కారణం వైడ్‌వైన్ అనే తాళం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వీడియో తాళాన్ని చిప్‌లోని భద్రమైన భాగంలో తెరిచే ఏర్పాటు ఉంటే దాన్ని L1 అంటారు. కేవలం సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే L3. కాపీ కొడతారన్న భయంతో పెద్ద యాప్‌లు L3 ఫోన్లకు సాధారణంగా ఎస్‌డీ అనే తక్కువ నాణ్యత బొమ్మే పంపుతాయి. నెట్‌ఫ్లిక్స్ యాప్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి Playback Specification నొక్కితే ఇది కనిపిస్తుంది. అక్కడ L3 అని ఉంటే, ప్లాన్ పెంచినా ఇంటర్నెట్ పెంచినా ఆ ఫోన్‌లో బొమ్మ మారదు. ఈ పేజీని ఫోన్ కొన్న రోజునే చూసుకోవాలి, దుకాణదారుకు వెనక్కి ఇచ్చే వీలున్నప్పుడే.

నాకు కోపం తెప్పించేది ఒకటే. వీడియో అడిగిన ప్రతిసారీ పరికరం తన సామర్థ్యం ఏమిటో సర్వర్‌కు చెబుతుంది. అంటే మన ఇంట్లో ఏ తెరకు ఏ నాణ్యత వరకు వెళ్లగలదో కంపెనీల దగ్గర లెక్క ఉంటుంది. ఖరీదైన ప్లాన్ అమ్మేటప్పుడు మాత్రం ఆ లెక్క బయటపెట్టరు. డబ్బు చెల్లించే పేజీలోనే ‘మీరు వాడే పరికరాల్లో 4కె చూపగలిగేవి ఇవి’ అని పేర్లతో చూపించాలి. నెల తిరిగాక, నిజంగా 4కెలో ఎన్ని గంటలు చూశారో కూడా బిల్లు పక్కనే చెప్పాలి. అలా చెప్పి ఉంటే, కేబుల్ లాగకముందు నెలకు మా బావగారి బిల్లులో ఆ గంటల దగ్గర సున్నా కనిపించేది.