పొడుగాటి అడుగు దమ్మును మిగులుస్తుందా?

“సార్, మా గ్రూపులన్నింటిలో ఈ మెసేజే తిరుగుతోంది: ‘అడుగు ఎంత పొడుగ్గా వేస్తే అన్ని తక్కువ అడుగుల్లో పరుగు పూర్తవుతుంది, దమ్ము మిగులుతుంది. బోల్ట్ వంద మీటర్లను 41 అడుగుల్లోనే ముగించాడు. పొట్టి అడుగులు వేసేవాళ్ల కాళ్లు తొందరగా అలసిపోతాయి.’ మీరేమో అడుగు తగ్గించమంటున్నారు. ఏది నమ్మాలి సార్?”

బిడ్డా,

మెసేజ్‌లోని మొదటి మాటలో లెక్క సరైనదే, దాని నుంచి తీసిన ముగింపే తప్పు. హన్మకొండ స్టేడియంలో నువ్వు చేసే తేలిక పరుగునే తీసుకుందాం. 400 మీటర్ల చుట్టుకు నీకు 2 నిమిషాలు పడుతోంది, అంటే నిమిషానికి 200 మీటర్లు. నీ కుడి పాదం అర నిమిషంలో 40 సార్లు నేలను తాకుతోంది కాబట్టి రెండు కాళ్లూ కలిపి నిమిషానికి 160 అడుగులు, ఒక్కో అడుగు 125 సెంటీమీటర్లు. అదే వేగంలో కుడి పాదం అర నిమిషంలో 42 సార్లు పడితే నిమిషానికి 168 అడుగులవుతాయి, ఒక్కో అడుగు 119 సెంటీమీటర్లకు దిగుతుంది. నేను తగ్గించమన్నది ఆ 6 సెంటీమీటర్లే. చుట్టు మొత్తానికి 16 అడుగులు ఎక్కువ పడతాయన్నది నిజమే, కానీ ప్రతి అడుగుకూ ఒకే ఖర్చు అయితేనే ఎక్కువ అడుగులంటే ఎక్కువ శ్రమ అని చెప్పగలం. నీ విషయంలో ఆ ఖర్చు ఒకేలా లేదు.

నిన్ను పక్క నుంచి తీసిన స్లో మోషన్ వీడియోలో పాదం నేలను తాకిన మొదటి క్షణం దగ్గర ఆపి చూడు. మోకాలు దాదాపు నిటారుగా చాచి ఉంది, మడమ మోకాలికంటే బాగా ముందు పడింది, మోకాలి నుంచి చీలమండ దాకా ఉన్న భాగం వెనక్కి వాలి ఉంది. పాదం శరీరానికి అంత ముందు పడినప్పుడు నేల నిన్ను వెనక్కి నెడుతుంది, అడుగు పడగానే వేగం కొంత తగ్గుతుంది, ఆ పోయిన వేగాన్ని అదే అడుగు చివర్లో పిక్కలూ తొడలూ మళ్లీ తెచ్చిపెట్టాలి. ఒక్కో తొక్కుకూ ఒకసారి బ్రేకు పట్టి వదులుతూ సైకిల్ నడిపినట్టే ఇది. ఆ కొద్దిపాటి ఆపడం ఏ అడుగులోనూ ఎవరికీ పూర్తిగా తప్పదు, అయితే అడుగు కాస్త పొట్టిదైతే పాదం మోకాలి కిందికి దగ్గరగా పడి అది తగ్గుతుంది.

కాళ్లకు తగిలే కుదుపుకు ఈ బ్రేకు ఒక కారణమైతే, రెండోది శరీరం పైకి లేచే ఎత్తు. అదే వేగంలో పొడుగాటి అడుగు వేయాలంటే గాలిలో ఎక్కువసేపు ఉండాలి, అందుకు శరీరం కొంచెం ఎక్కువ పైకి లేవాలి, లేచిన ఎత్తు నుంచి మళ్లీ కిందికి దిగాలి. అడుగు త్వరగా పడితే లేవడమూ దిగడమూ రెండూ తగ్గుతాయి. పరుగు నున్నగా సాగుతున్నట్టు అనిపించేది ఇందువల్లే. 2011లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరుగు వేగం మార్చకుండా అడుగుల సంఖ్యను 5 శాతం, 10 శాతం పెంచి చూసినప్పుడు, 5 శాతం పెంపుకే మోకాలిపై పడే భారం తగ్గింది, 10 శాతానికి తుంటిపై భారం కూడా తగ్గింది. నీకు చెప్పిన 160 నుంచి 168 అన్నది సరిగ్గా ఆ 5 శాతమే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మా కోచ్‌లలో కొందరు దీన్ని మరీ పెద్దది చేసి చెబుతారు. కుదుపు తగ్గడం వేరు, ఊపిరి ఖర్చు తగ్గడం వేరు. అనుభవం ఉన్న పరుగువీరులు తమంతట తాము ఎంచుకునే అడుగు పొడుగు, అతి తక్కువ ఆక్సిజన్ ఖర్చయ్యే పొడుగుకు చాలా దగ్గరగా ఉంటుందని 1982లోనే తేలింది. కాలిని త్వరగా ముందుకు ఊపడానికీ శక్తి కావాలి కాబట్టి అడుగులు మరీ పెంచితే ఆ ఖర్చు పెరుగుతుంది. అందువల్ల రేపటి నుంచే నీ ఆయాసం తగ్గిపోతుందని నేను మాట ఇవ్వడం లేదు, మోకాలికీ కాలి ముందు ఎముకకూ పడే దెబ్బ తగ్గుతుందని మాత్రమే అంటున్నాను. ప్రాక్టీసు తర్వాత నీకు నొప్పి వస్తున్నదీ అక్కడే కదా.

ఇక బోల్ట్ సంగతి. 2009లో బెర్లిన్‌లో ఆయన 9.58 సెకన్లలో సుమారు 41 అడుగులు వేశాడు. ఆ రెండు అంకెల్నీ కలిపి చూస్తే సెకనుకు నాలుగుకు పైగా, అంటే నిమిషానికి 250 దాటిన అడుగులు. మెసేజ్ రాసినవాళ్లు పొడుగును లెక్కపెట్టి వేగాన్ని వదిలేశారు. పైగా 195 సెంటీమీటర్ల ఆ మనిషి అడుగు పొడవైంది పాదాన్ని ముందుకు చాచినందుకు కాదు, నేలను అంత బలంగా నెట్టినందుకు. నువ్వు పరుగెత్తేది 3000 మీటర్లు, దానికి స్ప్రింట్ కొలతలు పనికిరావు.

పొట్టి అడుగులతో కాళ్లు అలసిపోతాయన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది, అది ఎక్కడుందో తెలుసుకుంటే నీకే మేలు. పాదం మోకాలి కింద పడేటట్టు మార్చుకునే క్రమంలో చాలామంది మునివేళ్ల మీద పరుగెత్తడం మొదలుపెడతారు, అప్పుడు మోకాలి మీది భారం కొంత పిక్క మీదికీ మడమ వెనుక స్నాయువు మీదికీ వెళ్తుంది. మొదటి రెండు మూడు వారాలు పిక్కలు బిగుసుకుపోవడం మామూలే. పొద్దున లేచి మొదటి అడుగులు వేసేటప్పుడు మడమ వెనుక పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం పాత అడుగుకు వెనక్కి వెళ్లి నాకు చెప్పు. పాదం ఏ భాగంతో నేలను తాకుతుందో నువ్వు ఆలోచించవద్దు, మడమ ముందు తాకినా ఫరవాలేదు, అది మోకాలికి దగ్గరగా తాకితే చాలు.

ఇంకో పొరపాటు దీనికంటే ఎక్కువగా జరుగుతుంది. అడుగులు త్వరగా వేయమనగానే పిల్లలు వేగం కూడా పెంచేస్తారు, చుట్టు 2 నిమిషాల నుంచి 1 నిమిషం 50 సెకన్లకు దిగుతుంది, ఊపిరి అందక “సార్, పొట్టి అడుగు పనికిరాదు” అంటారు. వాళ్లు పరీక్షించింది అడుగును కాదు, వేగాన్ని. అందుకే గడియారం చూడు. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్‌ను 168కి పెట్టి, తేలిక పరుగులో ఒక నిమిషం ఆ చప్పుడుకు అడుగు కలిపి, తర్వాత రెండు నిమిషాలు నీకు నచ్చినట్టు పరుగెత్తు. అలా ఆరు సార్లు, వారానికి రెండు రోజులు చాలు. చుట్టు సమయం 2 నిమిషాల దగ్గరే ఉండాలి. సరిగ్గా జరుగుతుంటే ముందుగా చెవికి తెలుస్తుంది, సింథటిక్ ట్రాక్ మీద పాదం టపటపమనే శబ్దం తగ్గుతుంది.

ఈ మెసేజ్‌కు బదులుగా అందరూ 180 వేయాలన్న ఇంకో మెసేజ్ కూడా నీకు వస్తుంది, దాన్నీ పట్టించుకోవద్దు. ఆ అంకె 1984 ఒలింపిక్స్‌లో పోటీపడినవాళ్లను కోచ్ జాక్ డేనియల్స్ గమనించినప్పటిది. పోటీ వేగంలో వాళ్లు వేసిన అడుగులను నీ ఆదివారం పరుగుకు అంటగట్టకూడదు. మీ టీంలో పొట్టి అమ్మాయి ఇప్పటికే నిమిషానికి 176 వేస్తోంది, ఆమె పాదం మోకాలి కిందే పడుతోంది, ఆమెకు నేను ఏమీ మార్చమని చెప్పలేదు. కాజీపేట వైపు ఎత్తు ఎక్కే రోడ్డు మీద నీ అడుగు దానంతట అదే పొట్టిదవుతుంది, అక్కడ లెక్కపెట్టకు.

నాలుగో వారంలో మళ్లీ అదే చోట, అదే 2 నిమిషాల చుట్టులో, పక్క నుంచి వీడియో తీయించుకో. పాదం నేలను తాకిన క్షణంలో మోకాలి కింది భాగం నిటారుకు దగ్గరగా వస్తే 168నే ఉంచుదాం, ఇంకా వెనక్కే వాలి ఉంటే 170 దాకా వెళ్దాం.

ఆశీస్సులతో,
మీ కోచ్