ఏడుగురు వినాయకులు, ఒక సీలింగ్ మెషిన్

ఇంట్లో చిన్న వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ళు ముందుగా చూసుకోవాల్సింది పెట్టుబడి కాదు, గోడలు. ఎన్ని ఉంటే అంత మంచిది. ప్రారంభోత్సవానికి వచ్చే స్నేహితులు తెచ్చేవన్నీ మేకుకు తగిలించేవే.

పోయిన వేసవిలో మా స్నేహితురాలు విజయవాడలో తన వంటింట్లోనే పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెట్టింది. సాయంత్రానికి లెక్క తేలింది: వినాయకుడి పటాలు ఏడు, గోడ గడియారాలు మూడు, సాయంత్రానికే వాడిపోయిన బొకేలు కొన్ని. ఆ ఏడు పటాల్లో ఒకటి నాది. డబ్బు కవర్లో పెట్టి ఇస్తే గ్యాస్ బండకో పాలవాడికో పోతుంది, గుర్తుండదు. విఘ్నాలు తొలగించే శాఖ ఆయనది కాబట్టి దరఖాస్తు సరైన చోటే పెట్టానని నా నమ్మకం.

మొదటి విఘ్నం పదో రోజున బెంగళూరులో ఎదురైంది. అరకిలో ఆవకాయ సీసా అక్కడికి చేరింది, కానీ నూనె మాత్రం సీసాలోంచి అట్టపెట్టెలోకి మకాం మార్చేసింది. కొన్నావిడ ఫొటో పంపింది. పచ్చడి పోయింది, డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది, కొరియర్ ఖర్చు అదనం. ఏడుగురు వినాయకులూ గోడమీంచి చూస్తూనే ఉన్నారు. వాళ్ళని అనడానికి లేదు, మూతలు బిగించడం వేరే శాఖ.

అప్పుడు మేం నలుగురం అంతకుముందు ఎవరికీ తోచని ఘనకార్యం చేశాం. "నీకేం కావాలే?" అని ఆమెనే అడిగాం. "ఆ మూతల కింద వెండిరేకులా అంటిస్తారు చూడు, ఆ మెషిన్" అంది. తలా ఒక వెయ్యి వేసుకుని చేతిలో పట్టుకునే ఇండక్షన్ సీలర్ కొన్నాం. చూడ్డానికి ఇస్త్రీ పెట్టెకి తమ్ముడిలా ఉంటుంది. మూత లోపల అల్యూమినియం రేకు ఉంటుంది, దాని అడుగున సన్నటి ప్లాస్టిక్ పొర. మూత గట్టిగా బిగించి, మెషిన్ దానిమీద ఆనించి రెండు మూడు సెకన్లు నొక్కితే రేకు వేడెక్కి, ఆ పొర కరిగి సీసా అంచుకి అతుక్కుంటుంది.

అతుక్కుంటుందని కాగితంలో ఉంది. మొదటి పది సీసాల్లో ఆరు అతుక్కోలేదు. అంచుమీద నూనె జిడ్డు ఉంటే రేకు పట్టదు, ఆవకాయ గరిటెతో వేశాక అంచు జిడ్డుగా కాక ఎలా ఉంటుంది? గరాటుతో నింపి, పొడిగుడ్డతో అంచు తుడిచాక దారికొచ్చింది. మరీ ఎక్కువసేపు నొక్కితే రేకు మాడి మూత వంకర పోతుంది. రేకు కూడా సీసా ప్లాస్టిక్‌కి సరిపడే రకమే కావాలి. ఇనుప మూతలకి ఈ మెషిన్ పనికిరాదు, లోపలి రేకుకి బదులు మూతే కాలిపోతుంది. ఇక ఆవకాయ సంగతి: మూడో రోజు తిరగకలిపి, ఊట ఊరి నూనె తేరాక, పైన వేలెడు ఖాళీ వదిలి నింపాలి. తొందరపడి కలిపిన రోజే నింపితే ఊరినకొద్దీ నూనె ఎగదన్నుతుంది.

ఇప్పుడు ఆమె ప్రతి సీసానీ రాత్రంతా పాత పేపరుమీద తలకిందులుగా నిలబెడుతుంది. పొద్దున మచ్చ లేకపోతేనే కొరియర్‌కి.

మా బృందంలో ఇంకొకాయన విడిగా ముద్దొచ్చే వంటింటి కాటా తెచ్చాడు. అది కేకు పిండి తూచుకోవడానికి. తూచి అమ్మేవాళ్ళ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, ఎలక్ట్రానిక్ కాటాకైతే ఏడాదికోసారి మళ్ళీ వేయించాలి. ఆ ముద్దొచ్చే కాటా ఇప్పుడు ఆవాలు, మెంతులు కొలవడానికి పనికొస్తోంది.

ఇంత చేసిన స్నేహితులకి ఒక ప్రతిఫలం ఉండాలి కదా. "మాకేమైనా రేటు తగ్గిస్తావా?" అని అడిగాను. ఆమె మాట్లాడకుండా అరకిలో సీసా చేతిలో పెట్టి, గోడమీద నా వినాయకుడి పక్కనే అంటించిన క్యూఆర్ కోడ్ చూపించింది. పూర్తి రేటే కట్టాను.

వచ్చే ఆదివారం మా వీధిలో ఒకమ్మాయి ఇంట్లో బ్లౌజులు కుట్టే పని మొదలుపెడుతోంది. బుద్ధొచ్చింది కదా అని ముందే వెళ్ళి ఏం కావాలో అడిగాను. "ఏమీ వద్దండీ, మీరొస్తే చాలు" అంది. రెండోసారి అడిగితే ఓవర్‌లాక్ మెషిన్‌కి నాలుగు దారం కోన్లు కావాలంది, ఏ రంగులో చీటీ మీద రాసిచ్చింది. నాలుగూ కొన్నాను. ఎందుకైనా మంచిదని ఒక వినాయకుణ్ణి కూడా ప్యాక్ చేయించాను.