బోఁజూర్ సుంకం

పారిస్ ప్రయాణం కట్టిన తెలుగువాడి ఫైలులో లేని కాగితం ఉండదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, రానూపోనూ టికెట్లు, హోటల్ బుకింగు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. పెట్టెలో ఆవకాయ సీసాకు మూడు చుట్లు టేపు. ఇన్ని ఆరా తీసిన వీసా వాళ్లు ఒక్కటి మాత్రం అడగరు, ఫ్రెంచివాళ్ల నమస్కారమైన బోఁజూర్ ఉందా అని. అది లేకపోయినా దేశంలోకి రానిస్తారు. రొట్టెల కొట్లో మాత్రం కౌంటరు అవతలి మనిషి మీ భుజం మీదుగా వెనకున్న గోడను చూస్తూ ఉండిపోతుంది.

ఈ సుంకం రేటెంతో ఒకసారి రాతపూర్వకంగానే ప్రకటించారు. 2013లో నీస్ నగరంలో ఒక కఫే బయట బోర్డు పెట్టింది. ‘ఒక కాఫీ’ అంటే 7 యూరోలు. ‘ఒక కాఫీ, దయచేసి’ అంటే 4.25. ‘బోఁజూర్, ఒక కాఫీ, దయచేసి’ అంటే 1.40. అది నవ్వులాటకు పెట్టిన బోర్డే. అయినా లెక్క లెక్కే కదా. ‘దయచేసి’ విలువ 2.75, బోఁజూర్ విలువ 2.85. అంటే బతిమాలడం కన్నా పలకరింపే పది సెంట్లు ప్రియం.

మనవాళ్లు మర్యాద తెలియనివాళ్లా? ముమ్మాటికీ కాదు. మన మర్యాద ఉండే చోటు వేరు. ‘బస్టాండుకు ఎటెళ్లాలో కాస్త చెప్తారా అండీ’ అన్న మాటలో గౌరవమంతా తోకలో ఉంది. ముందు నమస్కారం అక్కర్లేదు, ‘అన్నా’, ‘బాబాయ్ గారూ’ అంటే చాలు, చుట్టరికం కలిసిపోతుంది. పైగా ముక్కూమొహం తెలియనివాడొచ్చి చేతులు జోడించి నమస్కారం పెడితే మనకే అనుమానం, చందా పుస్తకం తీస్తాడా, ఓటడుగుతాడా అని. ఇదే మాటను ఇంగ్లీషులోకి మార్చుకునేటప్పుడు బాబాయి పోతాడు, ‘అండీ’ ఊడిపోతుంది, ‘వేర్ ఈజ్ మెట్రో’ మిగులుతుంది. ఫ్రెంచివాడి మర్యాద వాక్యానికి తలలో ఉంటుంది. తల లేని వాక్యాన్ని తెచ్చి అతని ముందు పడేసి, పారిస్‌వాళ్లకు పొగరని ఇంటికి ఫోన్ చేస్తాం.

ఇక ఉచ్చారణ. బడిలో అరసున్న దేనికని మాస్టారిని విసిగించినవారందరికీ ఇక్కడ జవాబు దొరుకుతుంది. అది బోఁజూర్ కోసం. ‘బోం’ అని పెదవులు మూయకూడదు, ‘బోన్’ అని నాలుకను పళ్ల వెనక తాకించకూడదు. నోరు తెరిచే ఉంచి గాలిని ముక్కులోకి పంపాలి. ‘జూ’లో జకారం మన జాములోదీ కాదు, జాతిలోదీ కాదు, ఇంగ్లీషు ‘మెజర్’ నడిమధ్యన వినిపించేది. చివరి రకారం గొంతులోంచి రావాలట. రాకపోతే మన ‘ర’ పెట్టేయండి, పరవాలేదు. అక్కడ ఉచ్చారణకు మార్కులు తగ్గవు, హాజరు పడకపోతేనే తగ్గుతాయి.

అసలు పొరపాటు పలకడంలో జరగదు, తొందరలో జరుగుతుంది. బోఁజూర్ అనగానే ఊపిరి తీసుకోకుండా అడ్రసు అడిగేస్తాం. అలా అంటే అనకపోయినట్టే. ‘బోఁజూర్ మదామ్’ అనాలి, ఆగాలి. ఆమె కూడా బోఁజూర్ అంటుంది. ఆ రెండో బోఁజూర్ రసీదు. రసీదు చేతికొచ్చాకే పని చెప్పుకోవాలి. ఇంగ్లీషులో అడగాలన్నా దారి ఇదే: బోఁజూర్, విరామం, ‘పార్లే వూ ఆఁగ్లే?’ (ఇంగ్లీషు మాట్లాడతారా?). ఇదంతా మూడు సెకన్ల పని. ‘ఎక్స్‌క్యూజ్ మీ’తో మొదలుపెట్టినవాడికి రాని ఇంగ్లీషు, ఈ మూడు సెకన్లు ఆగినవాడికి అదే మనిషి నోట చాలాసార్లు వచ్చేస్తుంది.

మగవారైతే ‘మెస్యో’, ఆడవారైతే ‘మదామ్’. పెళ్లికాని అమ్మాయిలా ఉందే, ‘మద్‌మువజెల్’ అనాలేమోనని పరిశోధన చేయకండి. 2012లో అక్కడి ప్రభుత్వమే తన ఫారాల్లోంచి ఆ మాట తీసేయమంది. పొద్దువాలాక, ఇంచుమించు ఆరు దాటితే, ‘బోఁసువార్’. ‘సలూ’ అనేది స్నేహితుల మధ్య మాట, కొట్టువాడి మీద ప్రయోగించరాదు.

పాఠం ఒంటబట్టగానే కొందరు పారిస్ పేవ్‌మెంటు మీద ఎదురైన ప్రతివారికీ బోఁజూర్ పంచుతూ పోతారు. వద్దు. నగరంలో దారినపోయేవారిని ఏ పనీ లేకుండా పలకరిస్తే వాళ్లు బ్యాగు గట్టిగా పట్టుకుంటారు, ఇక్కడ మన చందా పుస్తకం భయమే వాళ్లదీను. చిన్న కొట్టు, లిఫ్టు, డాక్టరు గారి వెయిటింగ్ రూము, బస్సెక్కగానే డ్రైవరు, ఇవీ తప్పనిసరి చోట్లు. పల్లెల్లోనూ కొండదారుల్లోనూ మాత్రం ఎదురైనవారినల్లా పలకరించవచ్చు.

ఇప్పుడు ప్రాక్టికల్ పరీక్ష. కేంద్రం: షాత్లే లే ఆల్ స్టేషన్. భూగర్భంలో శివార్లకు వెళ్లే ఆర్‌ఈఆర్ రైళ్ల లైన్లు మూడు, వాటికి తగులుకుని ఐదు మెట్రో లైన్లు. మీరు షార్ల్ ద గోల్ విమానాశ్రయానికి వెళ్లాలి, అంటే ఆర్‌ఈఆర్ బి పట్టుకోవాలి. ఆ లైను ఉత్తరాన ఓల్నే దగ్గర రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ విమానాశ్రయానికి, రెండోది మిత్రీ అనే ఊరికి. కాబట్టి రైలు ఎటువైపుదో అడిగే తీరాలి. పరుగెత్తేవాళ్లను వదిలి, నిలబడి ఉన్నవాళ్లను ఎంచుకోండి.

‘బోఁజూర్ మెస్యో.’ ఆగండి. రసీదు వచ్చింది. ‘ఎక్స్‌క్యూజే మువా ద వూ దేరాఁజే’, అంటే ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించండి. ఇది తప్పనిసరి కాదు గానీ, పరుపు మీద పరిచిన దుప్పటి లాంటిది. ‘పూర్ లయెరోపోర్ షార్ల్ ద గోల్, సిల్ వూ ప్లే?’, అంటే విమానాశ్రయానికి ఎటు, దయచేసి?

అడగడం బాగానే అడిగారు. చిక్కు జవాబుతో వస్తుంది. ‘అ గోష్’ అంటే ఎడమకు, అందులో తిరకాసు లేదు. ‘అ ద్రువాత్’ అంటే కుడికి. ‘తు ద్రువా’ అంటే తిన్నగా ముందుకు. తేడా అంతా చివరి తకారంలో ఉంది. అది వినబడితే తిరగాలి, వినబడకపోతే సాగిపోవాలి. ఆ ‘త’ అచ్చంగా మన ‘త’లాగే పళ్లకు తగిలి పలుకుతుంది కాబట్టి తెలుగు చెవి పట్టుకోగలదు, రైలు రొద లేకపోతే. రొద ఉంటే చెవిని నమ్మకండి, అతని చెయ్యి ఎటు చూపిస్తోందో చూడండి. ‘మెర్సీ, బొన్ జూర్నే’ అని సెలవు తీసుకోండి. ఇది వెళ్లేటప్పటి మాట, వచ్చేటప్పుడు వాడితే వాళ్లు మిమ్మల్ని సాగనంపుతారు.

తకారం జారిపోయి, కుడికి తిరగాల్సినవారు తిన్నగా వెళ్లి, ఐదు నిమిషాల తర్వాత చుట్టు తిరిగి అదే మెస్యో ముందు తేలితే కంగారు పడనక్కర్లేదు. అదే మనిషికి అదే రోజు రెండోసారి బోఁజూర్ చెబితే మొదటిది మర్చిపోయారని అర్థం. ఆ అవసరానికి కూడా అక్కడ మాట ఒకటి తయారుగా ఉంది: ‘రబోఁజూర్’.