క్యారెట్ ఏడ్చింది, 399 పోయింది

జనవరి ఒకటో తారీఖున అందరిలాగే నాక్కూడా ఒళ్ళు తగ్గించుకోవాలని బుద్ధి పుట్టింది, పుట్టిన బుద్ధి రెండ్రోజుల్లో పోయేదే కానీ ఈసారి ఫోన్ చేతిలో ఉండటంతో ఒక డైట్ యాప్ డౌన్‌లోడ్ చేసేశా. ఏడు రోజులు ట్రయల్, ఒక్క రూపాయే, తర్వాత నెలకి 399. డెబిట్ కార్డు నంబర్ కొట్టి, ఓటీపీ కొట్టి, ఆ రూపాయి కట్టేశా. ఆ ఓటీపీతో ఏం ఒప్పుకున్నానో నాకు మార్చి దాకా తెలీలేదు.

యాప్‌లో ఒక క్యారెట్ బొమ్మ ఉంటుంది, గంటకోసారి నీళ్ళు తాగమంటుంది. సంక్రాంతి ముందు మా ఇంట్లో అరిసెలు వండుతున్నారు, నేను అరిసె అని టైప్ చేస్తే క్యారెట్ కళ్ళు పెద్దవి చేసి దాని బదులు కీరా తినమంది. అప్పుడే అనుకున్నా ఇది మన సంసారానికి పనికి రాదని. ఆరో రోజు క్యాన్సిల్ నొక్కితే క్యారెట్ కన్నీళ్ళు, నిజంగా వెళ్ళిపోతున్నారా అని ఒకసారి, సగం ధరకి ఉంటారా అని ఇంకోసారి, కారణం చెప్పండని మరోసారి, ఆఖర్న ఎక్కడో కింద లేత బూడిద రంగు అక్షరాల్లో అసలు బటన్. నొక్కా. మీ సబ్‌స్క్రిప్షన్ రద్దయింది అని మెయిల్ వచ్చింది. యాప్ కూడా తీసేసి, రెండు అరిసెలు తిని హాయిగా పడుకున్నా.

మార్చిలో పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకొచ్చిన మా ఆవిడ అడిగింది, "ఏవండీ, ప్రతి నెలా ఎనిమిదో తారీఖున ఈ 399 ఎవరికి కడుతున్నారు?" ఆ "ఎవరికి" అనే మాట పలికిన తీరులో డైట్ యాప్ అనే సమాధానం నమ్మే అవకాశం లేదు. జనవరి, ఫిబ్రవరి, మార్చి, మూడు సార్లు, మొత్తం 1197. పైగా ఎంట్రీలో యాప్ పేరు లేదు, ఎప్పుడూ వినని ఏదో ప్రైవేట్ లిమిటెడ్ పేరుంది.

బ్యాంకులో పనిచేసే మా బాబాయి కొడుక్కి ఫోన్ చేశా. వాడు నవ్వి, "అన్నయ్యా, పాలు వద్దని పాలవాడికి చెప్పావు సరే, బీరువా తాళం వాడి దగ్గరే వదిలేశావు" అన్నాడు. సంగతేంటంటే ఆ రోజు రూపాయికి కొట్టిన ఓటీపీతో బ్యాంకులో ఒక ఈ-మ్యాండేట్ రిజిస్టర్ అయింది, అంటే నెలనెలా తీసుకోవడానికి ముందే ఇచ్చేసిన అనుమతి. యాప్‌లో క్యాన్సిల్ చేస్తే ఆ కంపెనీ పెద్దమనిషిలా అడగడం మానెయ్యాలి, మ్యాండేట్ కూడా రద్దు చెయ్యాలి, కానీ అది బ్యాంకులో అలాగే ఉండిపోతే వాళ్ళు అడిగిన ప్రతిసారీ బ్యాంకు ఇచ్చేస్తుంది. 15,000 దాటితే తప్ప మళ్ళీ ఓటీపీ అడగరు, నా 399 ఏ లెక్కలోది.

"మరి ముందు చెప్పరా?" అని ఎగిరా. "చెప్తారు, కనీసం 24 గంటల ముందు మెసేజ్ పంపాలని రిజర్వ్ బ్యాంకు రూల్, 2021 అక్టోబర్ నుంచి గట్టిగా అమలవుతోంది, చూసుకో" అన్నాడు. చూస్తే ఉన్నాయి మూడూ, శంకర్‌పల్లి దగ్గర గజాల లెక్కన ప్లాట్లు అమ్మేవాళ్ళ మెసేజ్‌కీ, పర్సనల్ లోన్ రెడీ అన్న మెసేజ్‌కీ మధ్యన బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఎవరికి, ఎంత, ఏ రోజు అన్నీ రాసి, వద్దనుకుంటే ఏం చెయ్యాలో కూడా ఉంది. కంపెనీ పేరు తెలీక స్పామ్ అనుకున్నా.

అప్పటికే కోపంలో కార్డు బ్లాక్ చేసేద్దామనుకున్నా, వాడు ఆపాడు. కార్డు మారిస్తే ఆగొచ్చు, ఆగకపోనూ వచ్చు, కొన్ని మ్యాండేట్లు కొత్త కార్డు మీదకి కూడా వచ్చేస్తాయి, మధ్యలో కొత్త కార్డు చార్జీ నీకు దండగ అన్నాడు. సరైన దారి బ్యాంకు సైట్‌లోకో యాప్‌లోకో వెళ్ళి కార్డుల సెక్షన్‌లో ఈ-మ్యాండేట్ అనో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ అనో ఉన్నది తెరవడం, ఒక్కో బ్యాంకు ఒక్కో పేరు పెడుతుంది, అందులో ఆ కంపెనీ ఎదురుగా క్యాన్సిల్ నొక్కి ఓటీపీ కొట్టడం. మ్యాండేట్ రద్దయిందని మెసేజ్ రావాలి, అది వచ్చేదాకా పని అయినట్టు కాదు. ఒకసారి రద్దయ్యాక ఆ మ్యాండేట్ మీద బ్యాంకు పైసా కూడా ఇవ్వకూడదు. డబ్బు పోయే రోజు ఉదయం లేచి చేస్తే లాభం లేదు, ముందే చెయ్యాలి. ఇక ఎంట్రీలో యూపీఐ అని ఉంటే దారి వేరు, ఏ యూపీఐ యాప్‌లో ఒప్పుకున్నామో అందులో ఆటోపే అనే చోట రద్దు చేసి పిన్ కొట్టాలి.

ఇంత వివరంగా విన్న నేను ఏం చేశానంటే, వీరావేశంతో రెండు చోట్లా దూరా. కార్డుది ఒకటి పీకా. ఆటోపేలో చూస్తే ఇంకో తెలియని ప్రైవేట్ లిమిటెడ్ కనిపించింది, నెలకి 149, ఇదీ దొంగే అని పీకి, పిన్ కొట్టి, మీసం దువ్వుకున్నా. తొమ్మిది రోజుల తర్వాత రాత్రి ఏడున్నరకి హాల్లోంచి అమ్మ కేక. సీరియల్‌లో కోడలు కళ్ళు తిరిగి పడిపోయిందట, కడుపుతో ఉందో విషం తాగిందో తెలియాల్సిన ఎపిసోడ్‌కి ముందు టీవీ మీద సబ్‌స్క్రిప్షన్ అయిపోయింది అని వచ్చిందట. ఆ 149 అమ్మ సీరియళ్ళది. మా ఆవిడ నావైపు చూసిన చూపుకి కోడలు పడిపోవడానికి కారణం కూడా నేనే అనిపించింది. మళ్ళీ డబ్బు కట్టి కొత్త మ్యాండేట్ పెట్టేదాకా అన్నం పెట్టలేదు. అందుకే పీకేముందు ఆ పేరునీ, నెలనెలా పోయే సొమ్మునీ పాత ఎంట్రీల్లో వెతికి అది దేనిదో తేల్చుకోవాలి, నాకు ఆలస్యంగా తట్టింది.

మ్యాండేట్ పీకితే ముందుకి ఆగుతుంది కానీ పోయింది రాదు, దానికి వేరే కసరత్తు. ముందు కంపెనీకి మెయిల్ పెడితే మా పాలసీ ప్రకారం రీఫండ్ లేదని జవాబు. అప్పుడు బ్యాంకులో కార్డు డిస్ప్యూట్ వేశా, రద్దు చేశాక కూడా వసూలు చేశారు అనే కారణం కింద, జనవరి ఆరున వచ్చిన ఆ మెయిలూ, కంపెనీ జవాబూ రెండూ జతచేసి. ఆ మెయిల్ డిలీట్ చేసి ఉంటే నా పని అరిసెల పిండే. ఆలస్యం చేస్తే డిస్ప్యూట్ గడువు కూడా దాటిపోతుందట. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోయినా, అడ్డదిడ్డంగా తేల్చినా cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టుకోవచ్చన్నాడు తమ్ముడు, నాకు అంతదాకా పోలేదు, 23వ రోజున 1197 వెనక్కి పడింది. ఆ డబ్బుతో మా ఆవిడ పూతరేకులు తెప్పించింది, క్యారెట్‌కి చెప్పలేదు.

మొన్న ఆదివారం పేపర్ చదువుకుంటుంటే అమ్మ గదిలోంచి పిలిచింది, "ఒరేయ్, ఇందులో ఎవరో క్యారెట్ పాప ఎంత ముద్దుగా మాట్లాడుతోందో చూడు, మోకాళ్ళ నొప్పులకి ఎక్సర్‌సైజులు చెప్తుందట, ఒక్క రూపాయేనట, నీ కార్డు నంబర్ కొట్టేశాలే, నీ ఫోన్‌కి ఓటీపీ ఏదో వచ్చుంటుంది, కాస్త చదివి చెప్పరా".