స్టెప్ 9 చేశాక స్టెప్ 14 చదవమన్న మహానుభావుడికి

మా అనంతపురం ఆఫీసుకు పోయిన నెల ఒక గ్రంథం వచ్చింది. స్పైరల్ బైండింగ్, పైన ప్లాస్టిక్ అట్ట, లోపల 42 పేజీలు. పేరు 'సులభ శిక్షణ కరదీపిక'. కరదీపిక అంటే చేతిలో పట్టుకునే దీపమని చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెప్పారు. దీన్ని పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. మౌసు పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎవరిస్తారో మొదటి ముద్రణలో రాయలేదు.

మాది రైతుల దగ్గర చెనక్కాయలు కొని, డబ్బు వాళ్ల బ్యాంకు ఖాతాల్లో వేసే ఆఫీసు. ఇన్నాళ్లూ చెక్కులు రాశాం. ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. పని చిన్నదే. అందులోంచి ఒక ఎక్సెల్ షీటు దించుకోవాలి, రైతు పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, మొత్తం నింపాలి, సేవ్ చేయాలి, తిరిగి ఎక్కించాలి. నాలుగు పనులు. పనికి పదిన్నర పేజీల లెక్కన హెడ్డాఫీసు శిక్షణ విభాగం ఏమాత్రం లోభం చూపకుండా రాసింది.

మొదటి పది పేజీల్లో పని జోలికి పోలేదు. ఒక సందేశం, ఒక ఆశయం, ఒక క్లౌడ్ బొమ్మ. అనంతపురంలో మబ్బు బొమ్మ చూపించడం ఎంత సున్నితమైన విషయమో వాళ్లకు తెలిసినట్టు లేదు. మా అటెండరు దాన్ని చాలాసేపు చూసి, "ఇది ఎప్పుడు పడతాదంట సార్?" అని అడిగాడు.

పదకొండో పేజీలో స్టెప్ 1 ఉంది: 'మీ క్రెడెన్షియల్స్‌తో లాగిన్ అవ్వండి.' మా ఆఫీసులో చెల్లింపులు చూసేది ఒక అక్క. ఇరవై రెండేళ్ల సర్వీసు, లెక్కలో ఒక్క రూపాయి తప్పిన రోజు లేదు. ఆమె నన్ను పిలిచి, "క్రెడెన్షియల్స్ అంటే సర్టిఫికెట్లా అప్పా? ఇంట్లో బీరువాలో ఉండాయి, రేపు తెస్తా" అంది. తెరమీద User ID, Password అని రెండు గడులున్నాయి. ఆ రెండు మాటలే కాగితం మీద రాసి ఉంటే ఆమె నన్ను పిలిచేది కాదు. కానీ అప్పుడు రాసినవాడి ఇంగ్లీషు ఎవరికి తెలుస్తుంది?

ఇక బొమ్మలు. 'పై చిత్రంలో ఎర్ర గీతతో చుట్టిన బటన్ నొక్కండి' అని ప్రతి పేజీలోనూ ఉంటుంది. గ్రంథం మాకు వచ్చింది నలుపు తెలుపు జిరాక్సులో. ఎర్ర గీత బూడిద రంగు గీతై, బూడిద రంగు మెనూల మధ్య ప్రశాంతంగా కలిసిపోయింది. పైగా మొత్తం తెరను అగ్గిపెట్టెంత చేసి వేశారు. అక్క తన కళ్లజోడు మీద నా కళ్లజోడు కూడా పెట్టుకుని వెతికింది. బటన్ ఉన్న మూల మాత్రమే కత్తిరించి పెద్దగా వేసి, పక్కన పెన్నుతో 1 అని అంకె రాసుంటే చాలు, ఏ జిరాక్సు మిషనూ దాన్ని మింగలేదు.

అసలు కచేరీ స్టెప్ 5 నుంచి మొదలైంది. 'టెంప్లేట్‌ను డౌన్‌లోడ్ చేసి, వివరాలు నింపండి.' వాక్యం ఒకటే, క్రియలు రెండే. అక్క నొక్కింది. ఏమీ కాలేదు. అంటే ఆమె చూస్తున్న చోట ఏమీ కాలేదు. ఫైలు బుద్ధిగా పోయి Downloads ఫోల్డరులో కూర్చుంది. పడలేదేమో అని ఆమె మళ్లీ నొక్కింది. మళ్లీ నొక్కింది. ఇలా template.xlsx, template (1).xlsx, template (2).xlsx అంటూ సంతానం వృద్ధి చెందింది. కడపటిదాన్ని ఎట్లాగో పట్టుకుని తెరిచాం.

తెరవగానే పైన పసుపు పట్టీ. PROTECTED VIEW అట. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో వైరస్‌లు ఉండొచ్చు, జాగ్రత్త అని ఇంగ్లీషులో రాసుంది. అక్కకు ఇంగ్లీషు తక్కువే గానీ వైరస్ అన్న మాట బాగా తెలుసు. రెండు లాక్‌డౌన్లు చూసిన మనిషి. మౌసు వదిలేసి కుర్చీ వెనక్కి జరుపుకుంది. కరదీపిక తిరగేసింది. పసుపు పట్టీ గురించి 42 పేజీల్లో ఒక్క అక్షరం లేదు. అయినా ధైర్యం చేసి గడిలో పేరు కొట్టింది. అక్షరం పడలేదు. కీబోర్డు తిరగేసి దులిపితే నాలుగు చెనగ పొట్టు ముక్కలు రాలాయి. మళ్లీ కొట్టింది. పడలేదు. అటెండరు కీబోర్డు తీగ ఊడదీసి, ఊది, మళ్లీ పెట్టాడు. పక్క సెక్షను అన్న వచ్చి, తన కీబోర్డు తెచ్చి తగిలించాడు. పడలేదు. చివరికి ఆమె కంప్యూటరు కట్టేసి, యూపీఎస్ కట్టేసి, ముందు జాగ్రత్తగా ఫ్యాను కూడా కట్టేసి, "సామీ, నాకు అంటకముందే ఇంటికి పోతా" అంది.

ఆ పట్టీ చివర Enable Editing అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే తప్ప ఆ షీటులో ఈగ కూడా వాలదు. రాసినాయన రోజుకు ఇరవైసార్లు నొక్కుతాడు. అందుకే రాయలేదు. ఆయన చేతికి తెలుసు, ఆయనకే తెలీదు. రాసేవాడు తన కంప్యూటరులో తను చేసుకుంటూ రాస్తే ఇలాంటివి ఎన్ని జన్మలెత్తినా దొరకవు. ఆ పని ఎన్నడూ చేయని మనిషిని కూర్చోబెట్టి, వెనక కుర్చీలో నోరు మూసుకుని కూర్చోవాలి. ఆమె చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ కాగితం మీద గీత పెట్టుకోవాలి. 'అది కాదక్కా, పైన, పైన' అని ఒక్కమాట అన్నామంటే ఆ రోజు పరీక్ష పాడైనట్టే, ఎందుకంటే కరదీపికతో పాటు మన నోటిని కూడా బైండు చేసి పంపలేం కదా.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. ఇకమీద నాకు నవ్వు రావడం లేదు.

స్టెప్ 9: 'ఖాతా నంబర్లు నమోదు చేయండి.' అక్క పాస్‌బుక్కులు ముందు పెట్టుకుని, ఒక్కో అంకె చదువుకుంటూ, వేలితో నొక్కుతూ కొట్టింది. 16 అంకెల నంబరుకు ఎక్సెల్ ఏం చేస్తుందో చూడండి.

```
కొట్టింది: 1234567890123456
గడిలో కనిపించింది: 1.23457E+15
లోపల మిగిలింది: 1234567890123450
```

గడి రకం మార్చకుండా అలాగే వదిలేస్తే, అందులో పడ్డ అంకెలన్నీ ఎక్సెల్‌కు కూడికలు చేసుకునే సంఖ్యే. సంఖ్యలో 15 అంకెలే అది గుర్తు పెట్టుకుంటుంది. పదహారో అంకె నుంచి సున్నా పెట్టేస్తుంది. ముందున్న సున్నాలను అయితే అసలు ఉంచుకోదు. ఖాతా నంబరును ఎవరూ కూడరు, తీసెయ్యరు. అది పేరులాంటిది. ఆ మాట ఎక్సెల్‌కు ముందే చెప్పాలి: పైనున్న కాలమ్ అక్షరం మీద నొక్కి, Ctrl+1 కొట్టి, Number అనే ట్యాబులో Text ఎంచుకుని, OK. ఇది కొట్టకముందు చేస్తేనే పని చేస్తుంది. కొట్టాక చేస్తే పోయిన అంకె తిరిగి రాదు, పరమశివుడు దిగొచ్చినా రాదు.

ఈ సంగతి కరదీపికలో ఉందా? ఉంది! స్టెప్ 14లో. 'గమనిక: స్టెప్ 9కి ముందు కాలమ్‌ను Text గా మార్చుకున్నారని నిర్ధారించుకోండి.' స్టెప్ 13 ఏంటో తెలుసా? Submit. బావిలో దూకమని, నీళ్లు తాకాక, 'దూకే ముందు ఈత నేర్చుకున్నారని నిర్ధారించుకోండి' అన్నట్టుంది.

ఇదే చాలదన్నట్టు 31వ పేజీలో 'తరచూ అడిగే ప్రశ్నలు' అని ఉంది. ఆరో ప్రశ్న: నంబరు E+15 అని కనిపిస్తే? జవాబు: Number ఎంచుకుని, దశాంశ స్థానాలు 0 చేయండి. అక్క చేసింది. E మాయమైంది. పదహారు అంకెలు బారుగా, నీటుగా, ఆరోగ్యంగా నిలబడ్డాయి, చివర సున్నాతో. ఆ E ఒక్కటే ఆమెకు దొరికిన హెచ్చరిక. దాన్ని చెరిపేయడం నేర్పించారయ్యా మీరు! జ్వరం తగ్గలేదని థర్మామీటరు పగలగొట్టమన్నారు.

ఇద్దరు రైతుల డబ్బు పోయింది. అదృష్టం బాగుండి ఆ నంబర్లతో ఖాతాలు లేవు కాబట్టి వెనక్కి వచ్చింది. ఉండుంటే ఇంకెవరి ఖాతాలోనో పడేది, ఎందుకంటే నెఫ్ట్‌లో డబ్బు పడేది ఖాతా నంబరును బట్టి, పేరును బట్టి కాదు. వాళ్లలో ఒకాయన మూడు రోజులు వరసగా బస్సెక్కి వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. అరవలేదు. "కూలోళ్లకు ఇయ్యాల్సింది ఉండాది తల్లీ" అన్నాడు, అంతే. అక్క ఆ రోజు అన్నం డబ్బా తెరవలేదు. సాయంత్రానికి హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది. 'విధి నిర్వహణలో నిర్లక్ష్యం' అట. ఎవరికి? ఆమెకు. కరదీపికను అక్షరం పొల్లు పోకుండా పాటించిన ఒకే ఒక్క మనిషికి. తప్పుడు దారి గీసినవాడికి ప్రయాణ భత్యం, ఆ దారిన నడిచినవాళ్లకు మెమో. సిగ్గుండాలి!

ఇందులో నాకు ఒళ్లు మండే సంగతి ఇంకోటుంది. ఈ పాఠం అసలు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ టెంప్లేట్ తయారు చేసినాయన, పంపకముందు తన షీటులో ఆ కాలమ్‌ను ఒక్కసారి Text చేసి సేవ్ చేసుంటే, దించుకున్న ప్రతివాళ్లకూ అది అలాగే వచ్చేది. ఒక మనిషి ఒక్కసారి చేయాల్సిన నాలుగు క్లిక్కులను అన్ని ఆఫీసుల్లోని అందరు అక్కలకూ పాఠంగా పెట్టి, దానికి శిక్షణ అని పేరు పెట్టారు.

సరే, మేమే టెంప్లేట్‌ను మార్చి పెట్టుకున్నాం. తర్వాత అక్కా నేనూ కలిసి ఒక కాగితం రాశాం. ఒకవైపే, పెద్ద అక్షరాల్లో. రాసింది నేనే గానీ మాటలు ఆమెవి. నేను 'ఫైల్ ఓపెన్ అయిన పిదప' అని మొదలుపెడితే, "పిదప ఏందప్పా, నేనేమన్నా హరికథ చెప్తాండానా?" అని కొట్టేయించింది. అది ఇలా ఉంది:

పసుపు పట్టీ వస్తే భయం లేదు, మనం దించిన ఫైలే అయితే Enable Editing నొక్కు. నొక్కితే పట్టీ పోతుంది. పోకపోతే ముందుకు పోవద్దు. పాస్‌బుక్కు చూసి నంబరు కొట్టు, ఇంకో షీటులోంచి కాపీ చేస్తే దాని రోగం కూడా వస్తుంది. కొట్టినాక గడి మూలలో చిన్న పచ్చ ముక్క కనిపిస్తే మంచిదే, Convert to Number అంటే మాత్రం ఒప్పుకోవద్దు. E కనిపిస్తే ఆపు, గడి తుడిచేసి, Text చేసి, మళ్లీ కొట్టు. ఐఎఫ్ఎస్‌సీలో ఐదోది ఎప్పుడూ సున్నానే, ఓ కాదు. చివరి నాలుగు అంకెలు పాస్‌బుక్కుతో చూసుకున్నాకే Submit.

పక్క సెక్షను అన్నను కూర్చోబెట్టి చేయించాం. రెండు చోట్ల ఆగాడు, ఆ రెండు వాక్యాలూ మార్చాం.

మెమోకు జవాబు కూడా ఇద్దరం కలిసే రాశాం. 'పేజీ 31, ప్రశ్న 6లో చెప్పిన ప్రకారమే చేశాను. ఆధారంగా కరదీపిక జత చేస్తున్నాను' అని. 42 పేజీలు, స్పైరలు, ప్లాస్టిక్ అట్టతో సహా తూకం వేసి కొరియర్ వాడు గట్టిగానే తీసుకున్నాడు. ఆ ఖర్చుకు వోచర్ పెడితే క్యాషియరు తల అడ్డంగా ఊపాడు. ఇకమీద వోచర్లు కూడా కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే ఎక్కించాలట. దానికి వేరే కరదీపిక బయల్దేరిందట.