ఫిర్యాదు మేస్త్రీ మీదైతే ఎవరికి చెప్పాలి?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్ వర్క్‌షాపులు, స్పేర్ పార్టుల షాపులు చాలా వరకు పది, పదిహేను మందితో నడుస్తాయి. గుంటూరు చుట్టుపక్కల చిన్న మిల్లుల సంగతీ అంతే. హెచ్ఆర్ అంటూ అక్కడ ఎవరూ ఉండరు. జీతం ఓనరు ఇస్తాడు, పని మేస్త్రీ పంచుతాడు, లెక్కలు అకౌంటెంట్ చూస్తారు. పనివాళ్లకు కష్టమొస్తే దారేమిటని అడిగితే ఓనర్లు చెప్పే జవాబు ఒక్కటే: "నాకే నేరుగా చెప్పుకోవచ్చు కదా, నేనేమన్నా కాదంటానా?" చాలామంది ఆ మాట మనసులోంచే అంటారు. కానీ ఆ మేస్త్రీ ఓనరుకి బావమరిది అయిన చోట అది ఎందుకూ కొరగాదు. ఫిర్యాదుల పద్ధతి రాసుకునే చిన్న సంస్థ ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఫిర్యాదు వినేవాడి మీదే ఫిర్యాదు ఉంటే పనివాడు ఎవరి దగ్గరకు వెళ్లాలి?

చట్టం ఇక్కడ సగం దూరమే తోడు వస్తుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, ఆపైన కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం వాళ్లు, కార్మికులు సమానంగా ఉంటారు. అధ్యక్ష స్థానం ఏడాదికొకసారి ఒక వైపు నుంచి మరో వైపుకు మారుతుంది. పదహారు మందితో నడిచే షెడ్డుకు ఈ నిబంధన వర్తించదు. వర్తించదు కాబట్టి అక్కర్లేదని ఓనర్లు అనుకోవడమే చిక్కు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అలాంటి షెడ్డులో ఒక వెల్డర్ జీతం నెలకు 20,800 రూపాయలు. 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన గంటకు 100 పడుతుంది. ఓటీకి రెట్టింపు, అంటే 200. ఈ నెల 33 గంటలు ఓటీ చేశానని అతను ఫోన్‌లో రాసుకున్నాడు. మేస్త్రీ నోటుబుక్కులో 21 ఉంది. తేడా 12 గంటలు, 2,400 రూపాయలు.

పద్ధతేమీ లేని చోట ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. జీతాల రోజు అందరి ముందే అడుగుతాడు. ఓనరు మేస్త్రీని పిలుస్తాడు. "ఏరా, ముప్పైమూడని నీకెవడు చెప్పాడు?" అని మేస్త్రీ గద్దిస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. మరుసటి నెల అతనికి ఓటీ తగ్గుతుంది. సంక్రాంతికి ఊరెళ్లినవాడు తిరిగి రాడు. ఎక్కువ జీతానికి పోయాడని ఓనరు నిజంగానే నమ్ముతాడు.

పద్ధతి ఉన్న చోట ఇదే గొడవ వేరేగా నడుస్తుంది. మస్టర్ పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. తెలుగులో ఒకటి, బయటి రాష్ట్రాల వాళ్లుంటే హిందీలో ఇంకొకటి. ఫిర్యాదు తీసుకునే ఇద్దరి పేర్లు అందులో ఉంటాయి. ఆ ఇద్దరిలో ఒకరికి ఓనరుతో గానీ మేస్త్రీతో గానీ చుట్టరికం ఉండకూడదు. మన షెడ్డులో ఆ ఒకరు అకౌంటెంట్ అనుకుందాం. వెల్డర్ నోటితో చెబితే చాలు, పేజీల నంబర్లున్న పుస్తకంలో ఆమె రాస్తుంది. ఏ తేదీల్లో తేడా వచ్చింది, అతను ఏం కోరుతున్నాడు అన్నవి రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టిస్తుంది. ఆ పేజీకి అతను ఫోటో తీసుకుంటాడు. "ఎవరికీ చెప్పను" అని మాత్రం ఆమె మాటివ్వకూడదు. విచారించాలంటే ఓనరుకీ మేస్త్రీకీ తెలియక తప్పదు. వాళ్లు తప్ప ఇంకెవరికీ తెలియదని చెప్పడమే నిజాయితీ.

వారం లోపు ఓనరు ఇద్దరినీ విడివిడిగా వింటాడు. ఆ ఇద్దరి మాటలే ఆధారమైతే బంధువే గెలుస్తాడు, అందుకే మూడో ఆధారం వెతకాలి. వాచ్‌మన్ దగ్గర గేటు పుస్తకం ఉంది. నాలుగు రాత్రులు వెల్డర్ పదకొండింటికి బయటికి వెళ్లినట్లు అందులో ఉంది. మేస్త్రీ మాత్రం తను ఇంటికి వెళ్లిన ఎనిమిదింటి వరకే రాసుకున్నాడు. అంటే రాత్రికి మూడు గంటల చొప్పున వెల్డర్ అడిగిన 12 గంటలూ లెక్కకు వచ్చాయి. కానీ ఆ నాలుగు రాత్రులూ భోజనానికి గంట చొప్పున పని ఆపినట్లు వెల్డరే ఒప్పుకున్నాడు. కాబట్టి తేలింది 8 గంటలు, 1,600 రూపాయలు. మిగతా 800 ఎందుకు ఇవ్వడం లేదో కారణంతో సహా కాగితం మీద రాసి ఇవ్వాలి. అడిగినదంతా రాకపోయినా కారణం చేతిలో ఉన్నవాడికి తర్వాత మాట్లాడే వీలుంటుంది. నోటి మాటగా "చూద్దాంలే" అనిపించుకున్నవాడికి అది ఉండదు. ఇకమీదట రోజు ముగిశాక ఓటీ గంటల పక్కన ఇద్దరూ సంతకం పెట్టాలన్న నిర్ణయం కూడా ఆ కాగితంలోనే రావాలి. లేకపోతే ఇదే తగువు వచ్చే నెల మళ్లీ వస్తుంది.

వెల్డర్ ఆ జవాబుకు ఒప్పుకోకపోతే? తీర్పు ఇచ్చిన ఓనరే అప్పీలు వింటే అది అప్పీలు కాదు. భాగస్వామి ఉంటే ఆయన వినాలి. ఒక్కరే ఓనరైతే ఏడాదికోసారి లెక్కలు చూసే ఆడిటరో, పక్క వీధిలో షెడ్డు నడిపే మరో ఓనరో వినవచ్చు. నీ షెడ్డు గొడవ నేను, నా షెడ్డు గొడవ నువ్వు వినేలా ముందే ఒప్పందం చేసుకోవచ్చు. ఆ మూడో మనిషి మాటకు కట్టుబడతానని ఓనరు గొడవ రాకముందే రాసి పెట్టాలి. గొడవ మొదలయ్యాక ఆ సంతకం ఎవరూ పెట్టరు.

అన్నిటికన్నా కష్టమైనది ఫిర్యాదు చేసినవాడిని కాపాడటం. ఎవరూ తిట్టరు, పనిలోంచి తీసేయరు. ఓటీ ఆగుతుంది, బరువు పని మీద పడుతుంది. లేదంటే పిల్లల ఫీజుకు తీసుకున్న అడ్వాన్సు హఠాత్తుగా తిరిగి కట్టమంటారు. మన దగ్గర అడ్వాన్సే అతి పెద్ద బెదిరింపు. ఫిర్యాదు నడుస్తున్నప్పుడూ, ఆ తర్వాత మూడు నెలలూ అడ్వాన్సు షరతులు మారవని గోడ మీది కాగితంలోనే ఉండాలి. ఆ మూడు నెలల ఓటీ పంపకాన్ని అకౌంటెంట్ ముందటి నెలలతో పోల్చి చూడాలి. అది అరగంట పని.

ఫిర్యాదుల పెట్టె పెడితే చాలదా అని అడిగేవాళ్లున్నారు. పదహారు మందిలో చేతిరాత చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. వాట్సాప్ గ్రూపైతే అందరి ముందూ అడిగినట్లే. పుస్తకం ఏడాదంతా ఖాళీగా ఉండి, పనివాళ్లు మాత్రం చెప్పకుండా వెళ్లిపోతుంటే, షెడ్డులో సమస్యలు లేవని కాదు, ఆ పుస్తకాన్ని ఎవరూ నమ్మడం లేదని.

లైంగిక వేధింపుల విషయం ఈ పుస్తకంలోకి రాకూడదు. 2013 చట్టం ప్రకారం పది మంది, ఆపైన ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. పది మంది కన్నా తక్కువ ఉంటే, లేదా ఆరోపణ ఓనరు మీదే అయితే, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. గడువు సాధారణంగా మూడు నెలలు. "ఇంటి మనిషి లాంటివాడు, సర్దుకుపో అమ్మా" అని రాజీకి కూర్చోబెట్టే అధికారం ఓనరుకు లేదు.

ఓనర్ల సంఘాలను మేము అడిగేది ఒకటుంది. అప్పీళ్లు వినడానికి ఒప్పుకునే ఐదారుగురి జాబితాను ఒక్కో సంఘం తయారు చేసి, సభ్యులందరికీ పంచాలి. కార్మిక శాఖ తెలుగులోనూ హిందీలోనూ ఒక నమూనా కాగితం అచ్చు వేసి ఇవ్వాలి. రెండూ సంక్రాంతి సెలవులకు ముందే జరిగితే, ఊరెళ్లే పనివాళ్లు వెళ్లేలోపు ఆ కాగితం చదువుకోగలుగుతారు.